జిమ్‌లో రోజూ కనిపించే అమ్మాయిని కాఫీకి ఎలా అడగాలి? అసలు అడగొచ్చా?

ఆరింటి_బ్యాచ్ · ఆదివారం, రాత్రి 10:42

నా వయసు 28, నిజాంపేట వైపు ఉంటాను. ఐదు నెలలుగా ఇంటి దగ్గరి జిమ్‌కి పొద్దున ఆరింటికి వెళ్తున్నా. సోమ, బుధ, శుక్రవారాల్లో అదే టైముకి ఒక అమ్మాయి వస్తుంది. పేరు తెలుసు, ట్రైనర్ అరుస్తూ పిలుస్తాడు కాబట్టి అందరికీ తెలుసు. మొదట్లో "ఇంకెన్ని సెట్లున్నాయండీ", "ఈ ప్లేట్లు తీసేయనా" వరకే మాటలు. రెండు నెలల నుంచి కాస్త పెరిగాయి. ఒకసారి మోకాలు నొప్పి అని చెప్తే నేను కట్టుకునే నీక్యాప్ ఎక్కడ కొన్నానో చెప్పాను. తర్వాతి వారం అదే కొని తెచ్చి చూపించింది. ఇంకోసారి తనే వచ్చి మీ ఆఫీసు ఎక్కడ అని అడిగింది.

నాకు నచ్చింది. జిమ్ బయట ఒకసారి కలవాలని ఉంది. నా సమస్య ఏంటంటే, వద్దంటే మళ్లీ సోమవారం పొద్దున ఆరింటికి అదే అద్దం ముందు ఇద్దరం నిలబడాలి. పైగా ఆమె మెంబర్‌షిప్ ఇంకో 19 రోజుల్లో అయిపోతుంది. రెన్యూ చేయకపోతే ఇంక కనబడదు. నంబర్ జిమ్ వాట్సాప్ గ్రూపులో ఉంది కానీ ఇంతవరకూ మెసేజ్ చేయలేదు. ఏం చేయమంటారు?

ఇంకోటి, నవ్వకండి. పోయిన నెల ఒకసారి "అన్నా, అయిపోయిందా?" అంది.

గోదారోడు · ఆదివారం, రాత్రి 10:51

అన్నా అన్నాక ఇంకేముంది బాబూ. కథ కంచికి, నువ్వు ఇంటికి.

ఓరుగల్లు_రాణి · ఆదివారం, రాత్రి 10:58

అది మీ దిక్కు లెక్క. హైదరాబాద్‌ల ఆటో అతన్ని, కూరగాయలాయన్ని, లిఫ్ట్‌ల అడ్డం నిలబడ్డోన్ని అందర్నీ అన్నా అనే అంటం. అది చుట్టరికం కాదు, జర జరుగు అని చెప్పుడు. దాంట్ల కెల్లి ఏం తీసుకోవద్దు, ఇటు గానీ అటు గానీ.

సిగ్నల్_సింహం · ఆదివారం, రాత్రి 11:20

బ్రో, సిగ్నల్స్ అన్నీ క్లియర్‌గా ఉన్నాయి. నువ్వు చెప్పిన నీక్యాప్ కొనుక్కుంది. వచ్చి ఆఫీసు అడిగింది. ఇంకేం కావాలి? రేపు పొద్దున సెట్ల మధ్యలో వెళ్లి ధైర్యంగా చెప్పెయ్. అమ్మాయిలకు కాన్ఫిడెన్స్ నచ్చుతుంది. గ్రూపులో నంబర్ ఉంది కాబట్టి ముందు రోజు రాత్రి ఒక గుడ్ నైట్ పెడితే గ్రౌండ్ రెడీ అవుతుంది.

కౌంటర్_ఏడేళ్లు · సోమవారం, ఉదయం 8:15

రెండు జిమ్‌ల్లో కలిపి ఏడేళ్లు ఫ్రంట్ డెస్క్‌లో కూర్చున్నాను. ఇప్పుడు వేరే ఉద్యోగం. ఈ కథ కౌంటర్ ఇవతలి నుంచి చాలాసార్లు చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఒక ప్రశ్న. ఆమె మెంబర్‌షిప్ 19 రోజుల్లో అయిపోతుందని మీకెలా తెలిసింది?

ఆరింటి_బ్యాచ్ · సోమవారం, ఉదయం 8:31

వేలు పెట్టగానే స్క్రీన్ మీద పేరు, ఇంకెన్ని రోజులున్నాయో వస్తుంది కదండీ. లైన్లో నా ముందు ఉంది. కావాలని చూడలేదు.

కౌంటర్_ఏడేళ్లు · సోమవారం, మధ్యాహ్నం 1:40

నమ్ముతాను. ఆ స్క్రీన్ అందరికీ కనబడేలా పెట్టడం జిమ్ వాళ్ల తప్పు. కానీ ఆమెతో మాట్లాడేటప్పుడు "మీది అయిపోతోంది కదా, రెన్యూ చేస్తున్నారా" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతో మీరు ఆరింటి బ్యాచ్ మనిషి కాకుండా, తనను గమనిస్తున్న మనిషి అయిపోతారు. గ్రూపు నంబర్ కూడా అంతే. అది సెలవు రోజులు చెప్పడానికి ఇచ్చిన నంబర్. నేనున్న చోట్ల ఆడవాళ్లు నా దగ్గరికొచ్చి చెప్పుకున్న వాటిలో ఎక్కువ "గ్రూపులోంచి నంబర్ తీసుకుని మెసేజ్ పెట్టాడు" అన్నవే. మెసేజ్‌లో ఏముందన్నది తర్వాతి మాట. నేనివ్వని నంబర్ నీకెలా వచ్చింది అన్నదే మొదటి బాధ.

అసలు ఫిర్యాదు దాకా వచ్చేవి తక్కువండీ. ఎక్కువమంది మాట్లాడకుండా తప్పుకుంటారు. ఆరింటి బ్యాచ్ మనిషి హఠాత్తుగా తొమ్మిదిన్నరకి వస్తుంది. లేదా ఒక ఫ్రెండ్‌ని తోడు తెచ్చుకుంటుంది. లేదా మెట్ల దగ్గరే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లోపలికొస్తుంది, స్ట్రెచింగ్ చేయకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత రెన్యువల్ రాదు. ఫోన్ చేసి అడిగితే "టైం కుదరట్లేదండీ" అంటారు. మా ఓనర్ ఏమో ఫీజు ఎక్కువైందేమో అనుకునేవాడు.

ఇక ఆమె మనసులో ఏముంది అన్నది. సింహం గారు నీక్యాప్‌ని సిగ్నల్ అన్నారు. నీక్యాప్ మోకాలు నొప్పికండీ. మర్యాద అనేది మెషిన్ దగ్గర మొదలై మెషిన్ దగ్గరే అయిపోతుంది. ప్లేట్లు తీస్తారా, తీశాను, థాంక్స్, అంతే. చూడాల్సింది మెషిన్ ఖాళీ అయ్యాక కూడా మాట సాగుతోందా, ఆమె తనంతట తను ఎన్నిసార్లు మొదలుపెట్టింది అని. ఆఫీసు ఎక్కడ అని అడిగింది అన్నారే, అదొక్కటే కొంచెం ఆ లెక్కలోకి వస్తుంది. ఒకసారి అడిగిందా, ఆ తర్వాత కూడా ఏమైనా అడిగిందా?

ఆరింటి_బ్యాచ్ · సోమవారం, మధ్యాహ్నం 2:05

దసరాకి ఊరెళ్లి వచ్చాక "ఏ ఊరు మీది" అని అడిగింది. ఒంగోలు అంటే వాళ్ల పిన్ని వాళ్లది కూడా అదేనంది. ఓ ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం, అప్పుడు ఇద్దరం ఏ మెషిన్ మీదా లేము. అంతే. రెండే సార్లు.

పెదబాబు_1958 · సోమవారం, సాయంత్రం 4:30

నాయనా, ఇన్ని తిప్పలెందుకు. ఊరు తెలిసింది, పిన్నిగారి ఊరూ తెలిసింది. వాళ్ల పెద్దల వివరాలు కనుక్కుని మీ అమ్మగారిచేత ఒక మాట కదిపించు. మా రోజుల్లో గుళ్లో చూసి వచ్చి ఇంట్లో చెప్పేవాళ్లం. అన్నట్టు నిజాంపేటలో ఆ జిమ్ ఫీజెంత? డాక్టరు నన్ను కూడా వెళ్లమన్నారు.

ఓరుగల్లు_రాణి · సోమవారం, సాయంత్రం 5:12

పెదబాబు గారూ, కాఫీ తాగుతదో లేదో తెల్వకముందే పిన్ని ఇంటికి పోవుడు అంటే ఆ పిల్లకు ఇంట్ల ఎన్ని ప్రశ్నలు పడతయో ఆలోచించిన్రా? జిమ్ బంద్ చేపిస్తరు ముందుగాల.

నా ముచ్చట చెప్త. మూడేండ్ల కింద మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టిన. నాలుగో వారంల ఒకాయన అడిగిండు. మంచోడే, మాట గూడ మర్యాదగనే ఉండె. కానీ ఎక్కడ అడిగిండో తెల్సా? సెల్లార్‌ల, నా స్కూటీ దగ్గర, పొద్దున ఏడు కాకముందే. వాచ్‌మన్ గూడ లేడు. ఆయన స్కూటీకి అడ్డంగ నిలబడ్డ అని ఆయనకే తెల్వదు కావచ్చు. నేను నవ్వుకుంట "చూద్దాం లెండి" అని బయటపడ్డ. ఆ నవ్వు చూసి సరేనన్న అనుకున్నడు. తెల్లారి మళ్ల అడిగిండు. ఇగ నేను పోలె. రెండు నెలల ఫీజు మట్టిల పోయింది.

ఆయన చెడ్డోడని చెప్తలేను. వద్దు అనడానికి నాకు జాగ ఇయ్యలే, అంతే.

సిగ్నల్_సింహం · సోమవారం, సాయంత్రం 5:40

కానీ మీరు "చూద్దాం" అన్నారు కదా అక్కా. చూద్దాం అంటే ఫిఫ్టీ ఫిఫ్టీ. మళ్లీ అడగడంలో తప్పేముంది?

ఓరుగల్లు_రాణి · సోమవారం, సాయంత్రం 5:47

సెల్లార్‌ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇంకేం అంటరు తమ్మీ?

కౌంటర్_ఏడేళ్లు · సోమవారం, రాత్రి 9:05

సింహం గారూ, మన భాషలో "వద్దు" అని మొహం మీద చెప్పేవాళ్లు తక్కువ. "చూద్దాం", "ఈ వారం కుదరదేమో", "చెప్తానండీ", "ఇంట్లో పనుంది", ఇవన్నీ వద్దుకి కట్టిన ముసుగులే. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఇష్టం ఉన్న మనిషి రోజు మార్చి చెప్తుంది, "ఆదివారం కుదరదు, శనివారం అయితే ఓకే" అని. ఇంకో రోజు ఆమె నోటి నుంచి రాకపోతే అది వద్దు కిందే లెక్క. మళ్లీ కదపాలంటే ఆమే కదపాలి.

నల్లకోటు · సోమవారం, రాత్రి 9:30

వృత్తి రీత్యా ఒక్క మాట. ఒకసారి మర్యాదగా అడగడం నేరం కాదు, భయపడక్కర్లేదు. ఇష్టం లేదని ఆమె స్పష్టంగా తెలియజేశాక కూడా పదే పదే వెంటపడినా, పలకరించాలని చూసినా భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలో అదే 354డి. 2024 జూలై 1 నుంచి నంబరు మారింది, విషయం మారలేదు. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి చూడడం కూడా అందులోకే వస్తుంది. అందుకే గుడ్ నైట్ సలహా నాకు నచ్చలేదు.

డల్లాస్_దోసె · సోమవారం, రాత్రి 11:50

ఇక్కడ మాది అపార్ట్‌మెంట్ జిమ్. అడగడం మామూలు, వద్దనడమూ మామూలు అనుకుని అడిగాను. నో థాంక్స్ అని నవ్వేసి వెళ్లిపోయింది. ఆమెకి ఏ ఇబ్బందీ లేదు. నేనే నాలుగు నెలలు రాత్రి పదకొండింటికి జిమ్‌కి వెళ్లాను. పిరికితనం అమెరికా వచ్చినా పోదని చెప్పడానికి రాస్తున్నా.

జర్మన్_కష్టాలు · మంగళవారం, ఉదయం 7:55

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఇదే బాధ, కాకపోతే నేను అమ్మాయిని, మాది క్లాసు. హైదరాబాద్‌లో జర్మన్ ఏ2 చదువుతున్నా, నర్సుగా వెళ్లాలని. బ్యాచ్‌లో ఒకతను ఉన్నాడు. ఇంకో పది రోజుల్లో క్లాసు అయిపోతుంది. తర్వాత బీ1కి ఎవరు ఎక్కడ చేరతారో తెలీదు. ఏ2 పరీక్షలో మాట్లాడే భాగం చివర ఇద్దరికీ చెరో డైరీ పేజీ ఇస్తారు. ఎవరెవరు ఎప్పుడు ఖాళీయో అడుగుతూ ఇద్దరికీ కుదిరే టైము కనిపెట్టాలి. మా టీచర్ ప్రతి వారం మా ఇద్దరినీ జతగా కూర్చోబెడుతుంది. జర్మన్‌లో "శనివారం మధ్యాహ్నం నీకు వీలవుతుందా" అని ఇప్పటికి పదిసార్లు అడిగాను. తెలుగులో ఒక్కసారి నోరు రావట్లేదు.

గోదారోడు · మంగళవారం, ఉదయం 8:20

హహహ. జర్మన్‌లోనే అడిగెయ్యమ్మా. కాదంటే ప్రాక్టీసు అని తప్పించుకోవచ్చు.

కౌంటర్_ఏడేళ్లు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

గోదారోడు గారు తమాషాకి అన్నా అది పనికిరాదు. తప్పించుకునే దారి మీకుంటే సరిపోదు, అతనికి నిజంగా ఏం అడిగారో తెలియాలి కదా.

క్లాసుకీ జిమ్‌కీ తేడా ఉంది. జిమ్‌కి ముగింపు లేదు. క్లాసుకి ఉంది. అది మీకు మంచిదే. చివరి రోజు అడుగుదామని చాలామంది ఆగుతారు. కానీ చివరి రోజు అందరూ ఫోటోలు, కేకు, సర్టిఫికెట్ గొడవలో ఉంటారు, పక్కకి పిలవడం కుదరదు. చివరి నుంచి రెండో మూడో క్లాసు మంచిది. వద్దన్నా ఇద్దరూ భరించాల్సింది రెండు క్లాసులే. సరేనంటే నంబర్లు మార్చుకోవడానికి టైముంటుంది. ఒకటే జాగ్రత్త: మీకు పరీక్ష జంట అతనే అయితే, పరీక్ష అయ్యాకే అడగండి. అతను కాదన్న వారానికి అతనితోనే డైరీ ఆడాలంటే మీ మార్కులు పోతాయి.

జర్మన్_కష్టాలు · మంగళవారం, మధ్యాహ్నం 1:32

జంట ఎవరో పరీక్ష రోజు దాకా చెప్పరు. అయితే రెండో క్లాసే.

ఆరింటి_బ్యాచ్ · మంగళవారం, రాత్రి 10:10

నా సంగతికి వస్తే, కౌంటర్ గారూ, అడగొచ్చా వద్దా? రెండుసార్లు తనే మాట కలిపింది అన్నాను కదా.

కౌంటర్_ఏడేళ్లు · బుధవారం, రాత్రి 9:20

అడగొచ్చు అనే నేనంటాను. రెండుసార్లన్నది గట్టి సాక్ష్యం కాదు, కానీ అడగడానికి సరిపోతుంది. చాలామంది ఐదు నెలలు మనసులో పెంచుకుని ఒకేరోజు కుమ్మరిస్తారు. ఆమెకది ఐదు నెలలు కాదు, ఆ ఒక్క నిమిషమే.

సోమ, బుధ, శుక్ర వస్తుంది అన్నారు. శుక్రవారం అడగండి. మధ్యలో రెండు రోజులు ఉంటాయి. ఇబ్బందిగా అనిపిస్తే ఆమె ఆ రెండు రోజులూ మీ మొహం చూడక్కర్లేదు. సోమవారం అడిగితే ఎల్లుండే మళ్లీ ఎదురుపడాలి.

సెట్ల మధ్యలో వద్దే వద్దు. ఆయాసంలో ఉంటారు, చెవిలో పాట ఉంటుంది, నాలుగు వైపులా అద్దాలు, ట్రైనర్ చూస్తుంటాడు. సెల్లార్ సంగతి రాణి గారు చెప్పారు. మా జిమ్‌లో అయితే బూట్లు మార్చుకునే బెంచీ దగ్గర చోటు బాగుండేది. కౌంటర్‌లో మనిషికి కనబడుతుంది, వినబడదు. తలుపు ఆమె వైపు ఉండాలి, మీ వెనకాల కాదు. ఆమె వెళ్లిపోయే తొందరలో ఉంటే ఆ రోజు ఊరుకోండి.

అడగగానే మీరే ముందు బయటికి నడవండి. ఇది ఎవరూ చేయరు. అడిగి అక్కడే నిలబడితే జవాబు అక్కడే చెప్పాల్సిన బాధ్యత ఆమె మీద పడుతుంది. నంబర్ అడగకండి, మీదే ఇవ్వండి.

ఆరింటి_బ్యాచ్ · బుధవారం, రాత్రి 9:41

మాటలేం వాడాలి? "మీరంటే నాకిష్టం" అందామనుకున్నా.

ఓరుగల్లు_రాణి · బుధవారం, రాత్రి 9:50

వద్దు! గట్లంటే ప్రపోజ్ చేసినట్లే. ఆ మాట అంటే ఇగ కాఫీకి రావుడు కూడా జవాబు చెప్పినట్లయితది.

నల్లకోటు · బుధవారం, రాత్రి 10:02

తెలుగులో ఇదో చిక్కు. "బాగున్నారా" తర్వాత మెట్టు నేరుగా "ప్రేమిస్తున్నాను". నడుమ మెట్టుకి మాట లేదు. "పరిచయం పెంచుకోవాలని ఉంది" అంటే పెళ్లిళ్ల పేరయ్యలా ఉంటుంది.

గోదారోడు · బుధవారం, రాత్రి 10:15

అందుకే ఏమీ చెప్పకుండా ఊరికే టిఫిన్‌కి పిలవడం మేలు. జిమ్ అయ్యాక పక్కనే ఇడ్లీ. నవ్వితే నవ్వింది, లేకపోతే ఇడ్లీ అయినా మిగిలింది.

కౌంటర్_ఏడేళ్లు · బుధవారం, రాత్రి 10:33

గోదారోడు గారు సగం సరిగ్గా చెప్పారు. చిన్నగా పిలవడం మంచిదే. కానీ జిమ్ పక్క టిఫిన్ సెంటర్‌లో బ్యాచ్ మొత్తం తింటుంది. చెమటతో, ఆఫీసు తొందరలో, పదిమంది ముందు. అది ఆమెకి సుఖంగా ఉండదు. పైగా ఏమీ చెప్పకుండా పిలిస్తే ప్రొటీన్ పౌడర్ గురించి మాట్లాడుకోవడానికేమో అనుకుని వస్తుంది. అక్కడ తెలిస్తే మోసపోయినట్టు ఉంటుంది.

ఓరుగల్లు_రాణి · బుధవారం, రాత్రి 10:40

నాకైతే అది తప్పనిపియ్యదు. ఏం చెప్పకుండ పిలిస్తే నేను గూడ ఏం తెల్వనట్టే తప్పించుకోవచ్చు కదా. మొఖం పోదు ఎవరికీ. మరీ తెరిచి చెప్తే బరువైతది.

కౌంటర్_ఏడేళ్లు · బుధవారం, రాత్రి 10:52

ఇందులో మీకూ నాకూ కుదరదు లెండి రాణి గారూ. నేనైతే ఇంత మాత్రం చెప్పమంటాను: "ఆదివారం పొద్దున మీతో కాఫీకి వెళ్లాలని ఉందండీ, జిమ్ కబుర్లకి కాదు. కుదరకపోతే ఏమీ అనుకోను, సోమవారం మామూలుగానే ఉంటాను." "జిమ్ కబుర్లకి కాదు" అన్న మూడు ముక్కల్లో చెప్పాల్సింది అయిపోయింది. ఇష్టం, ప్రేమ ఏదీ రాలేదు.

"నువ్వు"లోకి దిగకండి. ఆమె దిగేదాకా మీరు "అండీ"లోనే ఉండండి.

సిగ్నల్_సింహం · బుధవారం, రాత్రి 11:05

కుదరకపోతే ఏమీ అనుకోను అంటే వీక్‌గా ఉంటుంది. నువ్వే నో చెప్పడం నేర్పిస్తున్నట్టు.

డల్లాస్_దోసె · బుధవారం, రాత్రి 11:09

అవును, నేర్పించడమే.

రాజమండ్రి_వెన్నెల · గురువారం, ఉదయం 6:30

ఇదంతా హైదరాబాద్‌లో సరే. మా ఊళ్లో ఒక అబ్బాయితో కాఫీ షాపులో కూర్చుంటే నేను ఇంటికి చేరేలోపు కబురు చేరుతుంది. నన్ను యోగా క్లాసులో ఒకాయన మర్యాదగానే అడిగారు. నచ్చలేదని కాదు, మా వీధిలో షాపు పేరు చెప్పారని వద్దన్నాను. ఎక్కడ కలవాలో అమ్మాయినే చెప్పనివ్వండి. అడిగేవాళ్లకి ఈ సంగతి తట్టదు.

ఆరింటి_బ్యాచ్ · శుక్రవారం, ఉదయం 9:12

అడిగాను.

బెంచీ దగ్గర. తను బూట్ల లేసులు కట్టుకోవడం అయ్యాక. కౌంటర్ గారు చెప్పిన మాటల్లో సగం మర్చిపోయాను. "ఆదివారం కాఫీకి వెళ్దామా అండీ, జిమ్ గురించి కాదు, ఎక్కడైనా పర్లేదు మీరు చెప్పిన చోటే, కుదరకపోయినా పర్లేదు" అని మొత్తం ఒకే ఊపిరిలో అన్నాను. మూడు పర్లేదులు వచ్చాయనుకుంటా. ఒక్క క్షణం ఆగి, "ఈ ఆదివారం మా ఊరు వెళ్తున్నానండీ" అంది. నేను "సరేనండీ, సోమవారం కలుద్దాం" అని మెట్లు దిగేశాను. నంబర్ ఇవ్వడం మర్చిపోయాను. కాళ్లు వణికాయి, అది లెగ్ డే వల్ల అని అనుకుంటున్నా.

సిగ్నల్_సింహం · శుక్రవారం, ఉదయం 9:20

ఊరెళ్తున్నా అంది, వద్దు అనలేదు! వచ్చే ఆదివారం అడుగు బ్రో.

ఓరుగల్లు_రాణి · శుక్రవారం, ఉదయం 9:26

ఇంకో రోజు చెప్పిందా? చెప్పలే. ఇగ ఊకో.

గోదారోడు · శుక్రవారం, ఉదయం 9:40

నిజంగా ఊరెళ్తోందేమో కూడా కదా. ఒంగోలు పిన్ని కూతురి పెళ్లేమో.

కౌంటర్_ఏడేళ్లు · శుక్రవారం, మధ్యాహ్నం 1:30

నిజంగానే ఊరెళ్తుండొచ్చు. అయినా మీరు చేయాల్సింది మారదు. ఆమెకి అడిగిన విషయం తెలుసు, మీరెవరో తెలుసు, సోమవారం ఎక్కడుంటారో తెలుసు. కావాలంటే ఒక్క మాటతో కదపగలదు.

ఇప్పుడు కష్టమైన భాగం. ఆరింటికే వెళ్లండి. మీరు ఏడున్నరకి మారితే అలిగినట్టుంటుంది. ముందే వెళ్లి ఎదురుచూసినా తప్పే. మామూలుగా ఏ మెషిన్‌తో మొదలుపెడతారో దాంతోనే మొదలుపెట్టండి. ఆమె తల ఊపితే ఊపండి. మాట ఆమె మొదలుపెడితే మాట్లాడండి. ఒక రోజు రాకపోతే కౌంటర్‌లో "ఫలానా అమ్మాయి రాలేదా" అని అడగకండి. ఆ ప్రశ్న ఆమెకి చేరుతుంది, మేమే చెప్తాం.

ఆరింటి_బ్యాచ్ · వచ్చే వారం, బుధవారం, ఉదయం 8:02

సోమవారం వచ్చింది, తల ఊపింది. ఇవాళ రాలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

జర్మన్_కష్టాలు · అదే వారం, శనివారం, రాత్రి 8:47

నాది చెప్తా. చివరి నుంచి రెండో క్లాసు అయ్యాక లిఫ్ట్ దగ్గర కాకుండా, టీ కొట్టు దగ్గర అడిగాను. తెలుగులోనే. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఒకటి దాదాపు ఖాయం" అన్నాడు. వెంటనే, "అయినా అడిగినందుకు సంతోషం" అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను, అబద్ధం చెప్పను. చివరి క్లాసులో టీచర్ మళ్లీ మా ఇద్దరినీ జత వేసింది. శనివారం నీకు వీలవుతుందా అని అతను జర్మన్‌లో అడిగాడు. లేదు, నాకు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. టీచర్‌కి ఎందుకో అర్థం కాలేదు.

రాజమండ్రి_వెన్నెల · అదే వారం, శనివారం, రాత్రి 9:10

పరీక్ష బాగా రాయండి అమ్మాయ్.

ఆరింటి_బ్యాచ్ · మూడు వారాల తర్వాత, సోమవారం, ఉదయం 8:20

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నా. కాఫీ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొదటి రెండు వారాలు తల ఊపడం వరకే. ఇవాళ లెగ్ ప్రెస్ దగ్గరికొచ్చి "అయిపోయిందా అండీ?" అంది. అయిపోయింది, తీసుకోండి అన్నాను. ప్లేట్లు తీసిపెట్టి వెళ్లాను.

సిగ్నల్_సింహం · సోమవారం, ఉదయం 8:24

అండీ అంది! అన్నా కాదు! బ్రో!!

ఓరుగల్లు_రాణి · సోమవారం, ఉదయం 8:29

తమ్మీ, కూసో.

కౌంటర్_ఏడేళ్లు · సోమవారం, మధ్యాహ్నం 1:10

19 రోజులు ఎప్పుడో దాటాయి కదా. అంటే రెన్యూ చేసిందన్నమాట. మూడు నెలలకా, ఏడాదికా?

ఆరింటి_బ్యాచ్ · సోమవారం, మధ్యాహ్నం 1:26

తెలీదండీ. లైన్లో ముందుంటే ఇప్పుడు స్క్రీన్ వైపు చూడట్లేదు.

పెదబాబు_1958 · సోమవారం, సాయంత్రం 4:45

నాయనా, ఆ ఫీజెంతో మాత్రం చెప్పలేదు.